రాత్రి పాలసీసా, పై ముందుపళ్లు

రెండేళ్ల పిల్లాడికి పై ముందుపళ్లు గోధుమరంగుకు తిరిగి అంచులు విరిగిపోతూ, కింది ముందుపళ్లు మాత్రం తెల్లగా ఉంటే, పళ్ల డాక్టరుగా నేను మొదట అడిగేది ఒకటే: “రాత్రి సీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతాడా అమ్మా?” నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది. పాలు పైపళ్ల చుట్టూ నిలిచిపోతాయి. కింది పళ్లను నాలుక కప్పి ఉంచుతుంది కాబట్టి అవి చాలావరకు తప్పించుకుంటాయి.

1. నెలకోసారి పై పెదవి ఎత్తి చూడండి. పగటి వెలుతురులో, మెత్తటి గుడ్డతో పళ్లు తుడిచి చూడాలి. తడి మీద మచ్చ కనిపించదు. చిగురు అంచు వెంబడే సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చార ఉందా? పాచి అయితే తుడిస్తే పోతుంది, పుచ్చు మొదలైతే పోదు. ఈ దశలో డాక్టరు ఫ్లోరైడ్ వార్నిష్ పూసి, ఇంట్లో మీరు అలవాట్లు మారిస్తే పన్ను మళ్లీ గట్టిపడే అవకాశం ఉంది. గుంట పడ్డాక మాత్రం తనంతట తాను పూడదు.

2. సీసాను ఒక్కసారిగా లాక్కోకండి. ఏడాది దాటిన బిడ్డ పడుకునేటప్పుడు 200 మి.లీ. చక్కెర పాలు తాగుతుందనుకుందాం. ముందు చక్కెర మానేయండి. తర్వాత మూడు రాత్రులు 150 పాలు, 50 నీళ్లు. ఇంకో మూడు రాత్రులు సగం సగం. ఆపైన 50 పాలు, 150 నీళ్లు. చివరికి ఉత్త నీళ్లే. నీళ్ల సీసా మీద పిల్లలకు మోజు త్వరగానే పోతుంది. తాగాల్సిన పాలను రాత్రి అన్నం వేళ గ్లాసులో చిక్కగానే ఇవ్వండి. ఏడాది లోపు పసివాళ్ల పాలలో మాత్రం ఇలా నీళ్లు కలపకూడదు.

3. ఆఖరి పాల తర్వాతే బ్రష్. తల మీ ఒళ్లో పెట్టి పడుకోబెడితే పైపళ్లు బాగా కనిపిస్తాయి. మొదటి పన్ను వచ్చిన రోజు నుంచి బియ్యపు గింజంత, మూడేళ్లు దాటాక బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. డబ్బా మీద 1000 పీపీఎం ఉందో లేదో చూడండి. నల్గొండ వంటి చోట్ల బోరునీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ, అక్కడివారు పేస్టు విషయం డాక్టరును అడిగి తేల్చుకోండి. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా తోమాల్సింది మీరే.

4. “ఊడిపోయే పళ్లే కదా” అని వదిలేయకండి. పాల దవడపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాల్సినవి. అవి ముందే పోతే పక్కపళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, రాబోయే పన్నుకు చోటు లేకుండా చేస్తాయి. చిగురు మీద చీముపొక్కు లేస్తే నొప్పి లేదని ఊరుకోవద్దు. బుగ్గ వాచి జ్వరం కూడా వచ్చిందంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.