చెప్పిన తేదీకి మంచం రాకపోతే...

ఆగస్టు 14న గృహప్రవేశం. డబుల్ కాట్, వార్డ్‌రోబ్ కలిపి 64,000 రూపాయలకు ఫర్నిచర్ షాపులో ఆర్డరిచ్చి, 40,000 అడ్వాన్సు కట్టారనుకుందాం. ఆగస్టు 10కల్లా ఇంట్లో దింపుతామన్నారు. సెప్టెంబరు 21 వచ్చినా ‘పాలిష్‌లో ఉందమ్మా, రేపు లోడెక్కిస్తాం’ అనే మాటే వినిపిస్తోంది. ఇలాంటప్పుడు ఏం చేయాలో, ఎంతవరకు అడగవచ్చో చూద్దాం.

1. ఆర్డరిచ్చేటప్పుడే బిల్లు మీద ‘10-08 లోపు డెలివరీ, 14న గృహప్రవేశం’ అని రాయించుకోండి. ఊరికే తేదీ వేస్తే చాలదు, ఎందుకు ఆ తేదీకే కావాలో కూడా ఉండాలి. గడువు ముఖ్యమని షాపువాళ్లకు ముందే తెలుసని అప్పుడు చూపించవచ్చు. అది తప్పడం వల్ల అయిన ఖర్చు అడగడానికీ అదే ఆధారం. ‘సుమారు 3-4 వారాలు’ అని రాస్తే ఒప్పుకోకండి. ఇదివరకే అలా రాసేసి ఉంటే, ఫోన్లో వాళ్లు చెప్పిన తేదీని ఇవాళే వాట్సాప్‌లో వాళ్లకు పంపించి ‘సరేనా?’ అని అడగండి.

2. తేదీ దాటిన మొదటి వారంలో గొడవ అక్కర్లేదు. ‘సరుకు ఇప్పుడు ఎక్కడుంది? వడ్రంగి దగ్గరా, పాలిష్‌లోనా, గోడౌన్‌లోనా? ఒక ఫొటో పెట్టండి’ అని మాత్రం అడగండి. పని నిజంగా నడుస్తుంటే ఫొటో పెట్టడానికి నిమిషం పట్టదు. ఐదో వారంలో ‘ప్లైవుడ్ రాలేదు’ అంటే మాత్రం పని మొదలే పెట్టలేదన్నమాట. మీ అడ్వాన్సు వేరే ఆర్డరుకు పోయిందేమోనని నాకైతే అనుమానం వస్తుంది.

3. రద్దు చేసే ముందు ఆఖరి గడువు రాసి ఇవ్వండి. ఆర్డరు నంబరు, కట్టిన సొమ్ము, దాటిన తేదీ వేసి, ‘అక్టోబరు 1 సాయంత్రం లోపు రెండూ అందకపోతే ఆర్డరు రద్దు. ఆ తర్వాత వారంలోగా 40,000 నా ఖాతాకు పంపాలి’ అని చెబితే చాలు. షాపులో తయారుగా ఉన్న సరుకైతే వారం, కొలతలు తీసుకుని చేయించేదైతే పది, పదిహేను రోజులు ఇవ్వడం న్యాయం. మొదట్లో గడువు గట్టిగా రాయించుకోని వాళ్లకు ఈ కాగితమే బలం.

4. గడువు దాటితే అడ్వాన్సు మొత్తం వెనక్కి రావాలి. తప్పు వాళ్లది కాబట్టి ‘క్యాన్సిలేషన్ చార్జీ’ కోతకు ఒప్పుకోనక్కర్లేదు. డబ్బుకు బదులు క్రెడిట్ నోటిస్తామంటే వద్దనండి. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే ‘సరుకు అందలేదు’ అని బ్యాంకులో డిస్ప్యూట్ వేయవచ్చు. దానికి కాలపరిమితి ఉంటుంది, నెలల తరబడి ఆగకండి. నగదుగానో యూపీఐలోనో కట్టినవాళ్లకు ఈ దారి ఇంత సులువు కాదు.

5. చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే. ఆలస్యంగా వచ్చిన మంచాన్ని మాట్లాడకుండా దింపించుకుంటే, ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు పోవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, గడువు ముఖ్యమైన ఒప్పందంలో సరుకు ఆలస్యంగా తీసుకునేటప్పుడే ‘పరిహారం అడుగుతాను’ అని తెలియజేయాలి. అందుకే డెలివరీ చలానా మీద సంతకం పెట్టేటప్పుడు ‘6 వారాలు ఆలస్యం, పరిహారం హక్కు వదులుకోలేదు’ అని రాసి ఫొటో తీసుకోండి. డ్రైవరు తొందరపెడుతూనే ఉంటాడు, రాసేదాకా ఆపండి.

6. ఎంత అడగాలి? 40,000 మీద 9 శాతం వడ్డీ 42 రోజులకు లెక్కిస్తే దాదాపు 414 రూపాయలు. చూశారుగా, వడ్డీ పెద్దగా ఏమీ రాదు. చుట్టాల కోసం అద్దెకు తెచ్చిన మంచాలు, పరుపుల బిల్లు 3,000 ఉంటే అది కలపండి. 3,400 చిల్లర అడగడం సబబు, మిగతా సొమ్ములో తగ్గించుకోమనవచ్చు. మనోవేదనకు లక్ష అని మొదలుపెడితే షాపువాడు మాట్లాడటమే మానేస్తాడు.

7. యజమాని పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. వాళ్లు రాజీకి ప్రయత్నిస్తారే కానీ ఆర్డరు వేయలేరు. ఆన్‌లైన్లో కొన్నదైతే ఆ సంస్థ గ్రీవెన్స్ ఆఫీసరు మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. షాపు వేరే ఊళ్లో ఉన్నా మీరుండే జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, e-Jagriti పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. రెండేళ్లలోపు వేయాలి. తీర్పుకు నెలలు పడుతుంది కాబట్టి, 3,400 కోసమే అయితే 1915 దగ్గర ఆగడం మంచిది. 40,000 ఇరుక్కుంటే మాత్రం కమిషన్‌కు వెళ్లండి.