విన్నపంలో సూటిదనం

ఒక పరిశోధక విద్యార్థి తన పర్యవేక్షకునికి ఈమెయిలులో ఇలా రాశాడు:

"పూజ్య గురువర్యుల పాదపద్మములకు నమస్కరించి వ్రాయునది ఏమనగా, తమరి అమూల్య సమయమును హరించుచున్నందుకు క్షంతవ్యుడను. నా అధ్యాయమును కటాక్షించ ప్రార్థన."

ఇందులో వినయం ఉంది, విషయం లేదు. ఏ అధ్యాయమో, ఎప్పటిలోగా చూడాలో తెలియదు. 'వ్రాయునది ఏమనగా' అనే పడికట్టు మాటను తీసివేసినా అర్థం చెడదు. క్షమాపణకు తగిన తప్పేదీ జరగలేదు.

సవరించిన రూపం:

విషయం: రెండవ అధ్యాయంపై అభిప్రాయం కోరుతూ

"గౌరవనీయులైన ఆచార్యులకు నమస్కారం. నా సిద్ధాంత గ్రంథంలోని రెండవ అధ్యాయాన్ని (32 పుటలు) జతచేశాను. చివరి విభాగంలోని వాదన నిలుస్తుందో లేదో తమ అభిప్రాయం తెలుపవలసినదిగా కోరుతున్నాను. 25వ తేదీన సమీక్షా సమావేశం ఉంది. 20వ తేదీలోగా తెలిపితే అప్పటికి సవరించుకోగలను. వీలుకాకపోతే తమకు అనువైన రోజు తెలియజేయండి."

'నమస్కారం' కూడా పడికట్టు మాటే. కాని దానిని తీసివేస్తే మర్యాద లోపిస్తుంది. కనుక ఒక్కసారి ఉండాలి. మిగిలిన గౌరవాన్ని 'తమ' అనే సర్వనామం, 'తెలియజేయండి' అనే బహువచన క్రియ నిలుపుతున్నాయి. కారణం ముందు చెప్పి, వెసులుబాటు చూపడం వల్ల గడువు ఆజ్ఞగా ధ్వనించదు.

అభ్యాసం: సిఫారసు లేఖ కోరుతూ ఆచార్యునికి ఐదు వాక్యాలలో ఈమెయిలు రాయండి.