రాత్రి చార్జింగ్ చౌకేనా? ముందు మీటరు చూడండి

ప్రశ్న: హైదరాబాద్‌లో ఓ అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు మాది. ఈమధ్యే ఎలక్ట్రిక్ కారు కొన్నాం. పార్కింగ్‌లో చార్జర్ పెట్టుకుంటామంటే అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోవడం లేదు. ఇంట్లో ఉన్న సాకెట్ నుంచే వైరు లాగేద్దామని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. రాత్రి పదకొండు దాటాక చార్జింగ్ పెడితే యూనిట్ సగం ధరకే పడుతుందని షోరూమ్ అబ్బాయి చెప్పాడు. ఏం చేయమంటారు?

జవాబు: షోరూమ్ మాటతోనే మొదలుపెడదాం. మీ ఇంట్లో ఉన్నది మామూలు మీటరైతే అది నెల మొత్తం మీద ఎన్ని యూనిట్లు వాడారో మాత్రమే చెబుతుంది. ఎప్పుడు వాడారో దానికి తెలియదు. అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి ప్లగ్ పెట్టినా బిల్లులో పైసా తగ్గదు. వేళను బట్టి ధర మారాలంటే స్మార్ట్ మీటరు ఉండాలి, మీ కేటగిరీకి టైమ్ ఆఫ్ డే టారిఫ్‌ను విద్యుత్ నియంత్రణ మండలి ఖరారు చేసి ఉండాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కేంద్రం 2023లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించినప్పుడు చౌక వేళగా పేర్కొన్నది రాత్రిని కాదు, పగటిని. సౌర విద్యుత్ దండిగా వచ్చే ఎనిమిది గంటల్లో ధర మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. పీక్ వేళల్లో గృహ వినియోగదారులకు కనీసం పది శాతం ఎక్కువ ఉంటుంది. ఏ గంటలు ఏ కోవలోకి వస్తాయన్నది రాష్ట్ర మండలి నిర్ణయిస్తుంది. కాబట్టి కారు యాప్‌లో టైమర్ పెట్టే ముందు మీ డిస్కమ్ టారిఫ్ ఉత్తర్వు చూడండి. అందులో రాత్రి రాయితీ ఉన్నా అది మీ కేటగిరీకి వర్తిస్తుందో లేదో సరిచూసుకోండి. పరిశ్రమలకిచ్చిన రాయితీని ఇంటికి అన్వయించి చెప్పేవాళ్లు తక్కువేం లేరు.

మీ బిల్లుకు అసలు గండి కొట్టేది శ్లాబు. తెలంగాణలో 2022-23 టారిఫ్ ప్రకారం గృహ వినియోగంలో 301 నుంచి 400 యూనిట్ల వరకు యూనిట్ 9 రూపాయలు, ఆపైన 800 దాకా తొమ్మిదిన్నర. మీ ఇంటి వాడకం నెలకు 300 యూనిట్లు అనుకుందాం. కారు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల లెక్కన, సుమారు 150 యూనిట్లు అదనం. అవన్నీ పై శ్లాబుల్లోనే పడతాయి. మొదటి వందకు 900, మిగతా యాభైకి 475, మొత్తం 1,375 రూపాయలు. అదే టారిఫ్‌లో ఈవీ చార్జింగ్ కేటగిరీ ధర యూనిట్‌కు 6 రూపాయలు. ఆ లెక్కన 150 యూనిట్లకు 900. దానికి ఫిక్స్‌డ్ చార్జీలు వేరుగా ఉంటాయి.

అందుకే విడి మీటరు గురించి ఆలోచించమంటాను. అవే నిబంధనలకు 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణ ప్రకారం ఈవీ చార్జింగ్ కోసం ప్రత్యేక కనెక్షన్ అడిగే హక్కు మీకుంది. దరఖాస్తు అన్నివిధాలా సక్రమంగా ఉంటే మెట్రో నగరాల్లో మూడు రోజుల్లో, ఇతర పట్టణాల్లో ఏడు రోజుల్లో, గ్రామాల్లో పదిహేను రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలి. ఏ కేటగిరీ కింద ఇస్తారో దరఖాస్తు దశలోనే రాతపూర్వకంగా తేల్చుకోండి. ఇంటి కనెక్షన్ మీదే చార్జ్ చేసుకోవడం తప్పేమీ కాదు, దానికి గృహ టారిఫే వర్తిస్తుంది. కానీ మంజూరైన లోడు మూడు కిలోవాట్లే అయితే 3.3 కిలోవాట్ల చార్జర్ ఒక్కటే దాన్ని మింగేస్తుంది. ముందుగా అదనపు లోడుకు దరఖాస్తు పెట్టండి.

ఎలక్ట్రీషియన్ చెప్పినట్టు ఉన్న సాకెట్ నుంచి వైరు లాగడం మాత్రం వద్దు. ఆ చార్జర్ గంటల తరబడి 14, 15 ఆంపియర్లు లాగుతుంది. గీజర్‌లా పావుగంటకు ఆగదు. ప్లగ్ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమన్నా, సాకెట్ గోధుమరంగుకు తిరిగినా వెంటనే ఆపేయండి. విడి సర్క్యూట్, మంచి ఎర్తింగ్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా పెట్టించుకోండి.

ఇక అసోసియేషన్. వైరు ఉమ్మడి స్థలం గుండా వెళ్తుంది కాబట్టి ఏ దారిన పోవాలి, ఎంత భద్రంగా ఉండాలి అని అడగడం వాళ్లకు న్యాయమే. అసలు వద్దనడం మాత్రం నాకు సబబుగా తోచదు. నోటి మాటలతో వాదన పెట్టుకోకండి. వైరు దారి చూపే స్కెచ్, లైసెన్సున్న కాంట్రాక్టర్ అంచనా, ఖర్చంతా మీదే అన్న హామీ జతచేసి లేఖ ఇచ్చి రసీదు తీసుకోండి. కాదంటే కారణాలు కాగితం మీద అడగండి.

డిస్కమ్ గడువు దాటించినా, అసోసియేషన్ అనుమతి లేదంటూ ఫైలు పక్కన పెట్టినా, ఆ తిరస్కరణను రాతలో తీసుకుని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లండి. విద్యుత్ చట్టం 42వ సెక్షన్ కింద ఏర్పాటైన వేదిక అది. వకీలు లేకుండా మీరే మాట్లాడుకోవచ్చు. అక్కడా తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. దరఖాస్తు నంబరు, తేదీ ఉన్న రసీదు పోగొట్టుకోకండి. గడువు లెక్కంతా దాని మీదే నడుస్తుంది.