ఒంటికి తగిలేవి అక్కడ, మంచుకి తగిలేవి ఇక్కడ

బఫెలో,
జూన్ 20.

చిన్నీ,

వీసా వచ్చిందని ఫోన్లో నువ్వు పెట్టిన కేకకి మా పక్కగది అమ్మాయి కూడా లేచింది. నీ వెనకాలే అమ్మ అందుకుని, ఆదివారం హైదరాబాద్ వెళ్లి నీకు పెద్ద మంచుజాకెట్ కొనుక్కొస్తానంది. ఆ ప్రయాణం ఆపించు. చలిబట్టల్లో ఏవి గుంటూరు నుంచి తెచ్చుకోవాలో, ఏవి ఇక్కడ దిగాక కొనుక్కోవాలో రాస్తున్నాను. అమ్మకి కూడా చదివి వినిపించు.

నేను చెప్పేది ఒక్కటే. ఒంటికి తగిలే బట్టలు అక్కడ కొను, గాలికీ మంచుకీ తగిలేవి ఇక్కడ కొను. లోపలి బట్టలు నాలుగైదు జతలు కావాలి, నీ కొలత నీకు తెలుసు, మన దగ్గర చవక. పైన వేసుకునే జాకెట్, బూట్లు ఒక్కొక్కటే చాలు. కానీ అవి ఈ ఊరి చలికి సరిపోవాలి, వేసుకుని చూసి కొనాలి, నప్పకపోతే తిరిగి ఇచ్చేసే వీలుండాలి. అక్కడ కొన్న జాకెట్ ఇక్కడికొచ్చాక బిగుతైతే ఏ కొట్టుకి పట్టుకెళ్తావు?

తొందరపడనక్కర్లేదు కూడా. ఆగస్టు చివర్లో నువ్వు దిగేసరికి పగలు 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. సెప్టెంబరంతా మనకి హాయిగానే ఉంటుంది. అక్టోబరులో పొద్దున్నపూట వణుకు మొదలవుతుంది. మంచు పేరుకోవడం మామూలుగా నవంబరు మాట. అంటే కొట్లు తిరిగి చూసుకోవడానికి నీకు రెండు నెలలు చేతిలో ఉంటాయి. ఆ రెండు నెలలకీ ఒక హుడీ, వానకి తట్టుకునే పల్చటి జాకెట్ ఒకటి సరిపోతాయి. ఆ రెండూ అక్కడే కొనుక్కో. హుడీ విమానంలో వేసుకునే రా, పెట్టెలో చోటు మిగులుతుంది.

ఇక అక్కడ కొనాల్సిన వాటిలో ముఖ్యమైనవి థర్మల్స్. పైకీ కిందికీ కలిపి మూడు జతలు తెచ్చుకో. జూలైలో మన ఊరి బట్టల కొట్లలో అవి దొరకవు. స్వెటర్లమ్మే టిబెటన్లు కూడా చలికాలంలోనే వస్తారు. కాబట్టి ఏడాది పొడుగునా ఆటల సామాను, కొండలెక్కే సామాను అమ్మే పెద్ద కొట్లలో చూడు, లేదా ఆన్‌లైన్లో తెప్పించు. కొనేముందు లోపలి చీటీ చదువు. కాటన్ ఎక్కువగా ఉంటే వద్దు. కాటన్ చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది. బస్సు కోసం పరుగెత్తి ఆగాక ఆ తడే వీపు మీద చల్లగా అంటుకుంటుంది. పాలియెస్టర్‌దైతే త్వరగా ఆరుతుంది. ఒంటికి అతుక్కున్నట్టుండాలి, పల్చగా ఉండాలి. అమ్మ మందంగా ఉన్నది చూసి ముచ్చటపడుతుంది, ఒప్పుకోకు.

పల్చగా ఎందుకో ఒక నవంబరు పొద్దున లెక్క చెబుతాను. బయట మైనస్ 5. ఎరీ సరస్సు మీంచి గంటకి 30 కిలోమీటర్ల గాలి. ఆ గాలిలో తెరిచి ఉన్న చర్మానికి అది మైనస్ 13లా తగులుతుంది. ఒంటిచుట్టూ వెచ్చబడ్డ గాలిని ఈ గాలి ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది మరి. బస్టాపులో పది నిమిషాలు నిలబడతావు. ఆ తర్వాత క్లాసులో గంటకి పైగా కూర్చుంటావు, అక్కడ హీటర్ వల్ల 21, 22 డిగ్రీలు ఉంటుంది. జాకెట్ కుర్చీకి తగిలిస్తావు, స్వెటర్ విప్పేస్తావు. థర్మల్స్ మాత్రం విప్పలేవు కదా. అవి మందంగా ఉంటే క్లాసంతా ఉక్కపోతే. అందుకే చలిని ఆపే పని విప్పగలిగే పై బట్టలకి అప్పజెప్పాలి.

నడిమి పొరకి ఫ్లీస్ స్వెటర్ ఒకటి, మామూలు స్వెటర్ ఒకటి తెచ్చుకో. తాతయ్య మంకీ క్యాప్ చూసి నవ్వుకున్నాం గానీ, చెవులు పూర్తిగా మూసే టోపీ ఏదైనా ఇక్కడ బంగారమే. పల్చటి గ్లౌజులు ఒక జత, రోజువారీ సాక్సులు అక్కడివే చాలు. దళసరి ఉన్ని సాక్సులు మాత్రం బూట్లతో పాటు ఇక్కడ కొందువు.

ఇక్కడ మొదట కొనాల్సినవి బూట్లు, జాకెట్ కాదు. చల్లటి గాలి ఇంకా గడ్డకట్టని సరస్సు మీదుగా వస్తూ తేమ ఎత్తుకుని, ఒడ్డు దాటగానే మంచుగా కుమ్మరిస్తుంది. 2022 నవంబరులో దక్షిణ శివార్లలో ఆరడుగులకు పైగా పడింది. అలాంటివి ఎప్పుడో గానీ రావు. రోజూ పడే బాధ వేరు. రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మంచు కరిగి మురికి నీళ్ల గుజ్జవుతుంది, అందులోంచే నడవాలి. మామూలు బూట్లలోకి ఆ నీళ్లు దిగితే సాయంత్రం దాకా పాదాలు తడే. పాదం చుట్టూ అడుగు నుంచి చీలమండ పైదాకా నీళ్లు దూరనివి, కింద లోతైన గాళ్లున్నవి తీసుకో. చీటీ మీద "వాటర్‌ప్రూఫ్" అని ఉండాలి. "వాటర్ రెసిస్టెంట్" అంటే కాసేపు తడి ఆపుతుందనే. కొట్టుకి వెళ్లేటప్పుడు దళసరి సాక్సులు తొడుక్కునే వెళ్లు. వేళ్లు ఆడకపోతే ఒక అర సైజు పెంచు. బిగుతు బూటులో రక్తం సరిగా ఆడదు, వెచ్చటి గాలి నిలవడానికి చోటుండదు, ఎంత ఖరీదైనదైనా కాలు చల్లబడుతుంది. అక్టోబరు మధ్యకల్లా కొనేద్దాం. మొదటి మంచు పడ్డ మర్నాడు వెళితే మన సైజు మిగలదు.

జాకెట్‌కి నవంబరు మొదటి వారం దాకా ఆగొచ్చు. థాంక్స్‌గివింగ్ మర్నాడు ధరలు తగ్గుతాయి గానీ, అది నెలాఖరు. అప్పటిదాకా చలి ఆగుతుందని నమ్మకం లేదు. స్వెటర్ వేసుకుని, దాని మీద జాకెట్ తొడిగి చేతులు పైకెత్తి చూడు. నడుము బయటపడకూడదు. తొడ సగం దాకా రావాలి, టోపీ ఉండాలి, జిప్పు మీద గాలి ఆపే పట్టీ ఉండాలి, మణికట్టు దగ్గర బిగువుండాలి. లోపల ఈకలున్నవి తేలిక, బాగా వెచ్చన. కానీ తడిస్తే ముద్దకట్టి వెచ్చదనం పోతుంది. ఇక్కడి తడిమంచుకి పాలియెస్టర్ దూది నింపినదైనా పరవాలేదు, పైగుడ్డ మాత్రం నీళ్లు పీల్చకూడదు. పాతబట్టల కొట్లలోనూ మంచివి చవకగా దొరుకుతాయి. జిప్పు రెండుసార్లు లాగి చూడు, కుట్ల దగ్గర నొక్కితే ఈకలు బయటికొస్తే వదిలెయ్.

అమ్మ జాకెట్‌కి తీసి ఉంచిన డబ్బు నీ కార్డులో వెయ్యమను. పోయేది ఏమీ లేదు, నాలుగైదు నెలలు ఆలస్యంగా, సరైనది కొంటాం. తను ఊరుకోదనుకుంటే ఒక మాట చెప్పు: మంచుజాకెట్, బూట్లు కలిపి మూడు కిలోల దాకా తూగుతాయి, ఒక్కో పెట్టెకి మామూలుగా ఇచ్చేది 23 కిలోలే. ఆ మూడు కిలోల్లో కుక్కరు వస్తుందంటే తనే ఒప్పుకుంటుంది.

థర్మల్స్ కొనగానే లోపలి చీటీ ఫొటో తీసి పంపు, చూసి చెబుతాను. నచ్చకపోతే మార్చుకోవడానికి ఇంకా టైముంది.

మీ అక్క