పూటపూటా జరిగే తనిఖీ: లెక్క యంత్రానిది, నిర్ణయం మనిషిది

సంఘం లెక్కలను తనిఖీ చేసే అధికారి మూడు నెలలకో, ఆరు నెలలకో వచ్చి, కొన్ని పూటల పుస్తకాలు తిరగవేసి వెళ్ళడం మనకు అలవాటైన పద్ధతి. ఆయన చూడని పూటల సంగతి ఎవరికీ తెలియదు. ఇప్పుడు తూకం యంత్రమూ, వెన్న పరీక్ష యంత్రమూ కంప్యూటరుకు కలిపి ఉన్న సంఘాలలో ప్రతి పూట లెక్కనూ ఆ రోజే సరిచూడవచ్చు. దీనినే నిరంతర తనిఖీ అంటున్నాము. ఇందులో యంత్రం ఏమి చేస్తుందో, ఏమి చేయలేదో ఒక ఉదాహరణతో చూద్దాము.

ఒక సంఘంలో సాయంత్రం పూట 400 లీటర్ల గేదె పాలు వచ్చాయనుకుందాము. సగటు వెన్న 6.5 శాతం. లీటరును 1.03తో హెచ్చిస్తే కిలోలు వస్తాయి కనుక ఇవి 412 కిలోలు. స్థానికంగా అమ్మిన 20 లీటర్లు తీసివేయగా డెయిరీకి చేరవలసినవి 391.4 కిలోలు. వాటిలో వెన్న 25.44 కిలోలు ఉండాలి. డెయిరీ రసీదులో పాలు 391 కిలోలు, వెన్న 6.1 శాతం, అంటే 23.85 కిలోలు మాత్రమే. పాల తూకం సరిపోయింది గాని, వెన్న సుమారు 1.6 కిలోలు తగ్గింది. కంప్యూటరు ఈ పూటకు ఎర్ర గుర్తు పెడుతుంది. (లీటర్లను కిలోలుగా మార్చకుండానే రెండు వైపుల లెక్కలు పోల్చి గాభరాపడే సంఘాలు కూడా ఉన్నాయి. ముందు ఆ మూడు శాతం తేడా సంగతి చూసుకోవాలి.)

యంత్రం పని అంతటితో సరి. ఆ వెన్న ఎందుకు తగ్గిందో అది చెప్పదు. ఎర్ర గుర్తు చూడగానే కార్యదర్శినో, క్యాను తెచ్చిన వానినో దొంగ అనడం తొందరపాటు. దారిలో పాలు తీసి నీళ్ళు కలిపితే వెన్నతో పాటు లాక్టోమీటరు అంకె కూడా పడిపోతుంది; ఇంత తేడాకు 29 ఉన్నది 27కు దగ్గరగా రావాలి. మీగడ తీసివేసి ఉంటే వెన్న తగ్గి లాక్టోమీటరు అంకె కొద్దిగా పెరుగుతుంది. డెయిరీలో పాలు బాగా కలపకుండా నమూనా తీసి ఉంటే తేడా ఒక పూట ఎక్కువగా, ఒక పూట తక్కువగా, రెండు దిక్కులా ఊగుతుంది.

మన ఉదాహరణలో లాక్టోమీటరు రెండు చోట్లా 29 చూపింది. వెనుకటి పూటలు తిప్పి చూస్తే, పది రోజులుగా ప్రతి పూటా తేడా 0.4 దగ్గరే నిలిచి ఉన్నది. అప్పుడు పదిమంది సభ్యుల నమూనాలకు గెర్బర్ పరీక్ష చేయించారు. ప్రతి నమూనాలోనూ సంఘం యంత్రం 0.4 ఎక్కువ చూపుతున్నదని తేలింది. దొంగతనం లేదు, యంత్రం దారి తప్పింది. మరి పది రోజులుగా ఎక్కువ చెల్లించిన డబ్బు సంగతి? సభ్యుల బట్వాడాలో పట్టుకోవాలా, సంఘం భరించాలా అన్నది పాలకవర్గం కూర్చుని తేల్చవలసినదే.

సభ్యుని ఖాతాల విషయంలో కూడా ఇంతే. ఒకరి పాలకు పూటపూటా వెన్న కచ్చితంగా 7.0 అనే పడుతుంటే, అది చేతితో ఎక్కించిన అంకె కావచ్చునని కంప్యూటరు పట్టిస్తుంది. అది మంచిదే. కాని ఒకే గేదె ఉన్న వితంతువు లీటరు పాలు పోసి 9 శాతం వెన్న తెచ్చుకున్నా అదే గుర్తు పడుతుంది. వట్టిపోయే దశలో ఉన్న గేదెకు పాలు తగ్గి వెన్న పెరగడం సహజమని మనకు తెలుసు, దానికి తెలియదు. ఇటువంటి చోట కొట్టం దగ్గరకు వెళ్ళి గేదెను చూడాలి. ఆమె ఎదుటనే పితికించి పరీక్షించాలి. అంతవరకూ ఆమె బట్వాడా ఆపకూడదు.

పుస్తకానికి ఎక్కని పాలను కంప్యూటరు చూడలేదని వేరే చెప్పనక్కరలేదు.

సభ్యులు అడిగి తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉన్నది. చాలా చోట్ల తరుగు వస్తేనే గుర్తు పడేటట్లు హద్దు పెడతారు. మిగులుకు పెట్టరు. సంఘం యంత్రం 0.4 తక్కువ చూపితే డెయిరీ లెక్కలో వెన్న మిగులుతుంది, సంఘానికి లాభం కనిపిస్తుంది, ఎవరూ ప్రశ్నించరు. ఆ లాభం పాలు పోసిన వారి ధరలోంచి వచ్చినది. ఏడాది చివర బోనసుగా పంచినా, నష్టపడిన వానికి నష్టపడినంత అందదు. కనుక హద్దును రెండు వైపులా పెట్టించండి. మిగులు వారం రోజులు వరుసగా వస్తే గెర్బర్ పరీక్ష చేయించమని పాలకవర్గ సమావేశంలో అడిగి, ఆ మాట మినిట్సు పుస్తకంలో రాయించండి.