బిల్లు లక్షా పద్దెనిమిది వేలు, మిగిలేదెంత?

ఈ మధ్య కౌన్సెలింగ్‌కు వచ్చే తల్లిదండ్రుల్లో ఒక కొత్త ధీమా చూస్తున్నాను. "మా వాడికి బెంగళూరు కంపెనీ నెలకు లక్షా పద్దెనిమిది వేలు ఇస్తోంది సార్, ఇంక చిన్నోడిని కూడా అదే దారిలో పెట్టేస్తాం" అంటారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ కర్ణాటకను ఆనుకునే ఉన్నాయి కాబట్టి మన పిల్లల చూపు బెంగళూరు మీద ఉండటంలో వింతేమీ లేదు. కానీ ఆ పెద్దబ్బాయి చేతిలో ఉన్న కాగితం తెప్పించి చూస్తే అది ఉద్యోగ నియామక పత్రం కాదు, కన్సల్టెంట్ ఒప్పందం. వాళ్లు చెప్పే అంకె జీతమూ కాదు. అది బిల్లు మొత్తం. అందులో 18 వేలు మొదటి రోజు నుంచే ప్రభుత్వానివి.

లెక్క ఒకసారి పూర్తిగా వేసి చూద్దాం. జీఎస్టీ నమోదు ఉన్న కుప్పం అబ్బాయి ఒకడు బెంగళూరు కంపెనీకి డిజైన్ పని చేసిపెట్టి నెలకు లక్ష రూపాయల ఫీజు తీసుకుంటున్నాడనుకోండి. బిల్లులో ఫీజు 1,00,000 అని రాసి, దాని కింద 18 శాతం జీఎస్టీ 18,000 అని వేరే గీతలో చూపిస్తాడు. కంపెనీ వేరే రాష్ట్రంలో ఉంది కాబట్టి అది ఐజీఎస్టీ అవుతుంది. కంపెనీ తిరుపతిలోనో విజయవాడలోనో ఉంటే అదే 18 శాతం కేంద్రానికి తొమ్మిది, రాష్ట్రానికి తొమ్మిదిగా చీలేది. బిల్లు మొత్తం 1,18,000. ఆ డబ్బు ఇచ్చేముందు కంపెనీ ఆదాయపు పన్ను కింద 10 శాతం టీడీఎస్ పట్టుకుంటుంది. ఆ పది శాతాన్ని లెక్కగట్టాల్సింది ఫీజు మీదే, జీఎస్టీ కలిపిన మొత్తం మీద కాదు. కాబట్టి 10,000 పోయి బ్యాంకులో పడేది 1,08,000. అందులోంచి 18,000 జీఎస్టీ కట్టాక చేతిలో ఉండేది 90,000. పట్టుకున్న పదివేలు అబ్బాయి పాన్ పేరు మీద ప్రభుత్వం దగ్గర జమై ఉంటాయి.

అందుకే బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్‌ను చదవడం నేర్చుకోమని పిల్లలకు చెబుతుంటాను. 1,08,000 పడిందంటే లెక్క సరిగ్గా ఉంది. 1,06,200 పడిందంటే కంపెనీ అకౌంట్స్ వాళ్లు 1,18,000 మీద పది శాతం, అంటే 11,800 పట్టుకున్నారన్నమాట. ఒప్పందంలోనో బిల్లులోనో జీఎస్టీని విడిగా చూపిస్తే దాన్ని వదిలేసి మిగతా దాని మీదే టీడీఎస్ పట్టాలని ప్రత్యక్ష పన్నుల బోర్డు 2017 జులై 19న 23వ నంబరు సర్క్యులర్‌లో స్పష్టంగా చెప్పింది. ఆ సర్క్యులర్ నంబరు రాసి ఒక మెయిల్ పంపితే చాలావరకు సరిచేస్తారు. ఆ 1,800 గల్లంతు కావు, రిటర్ను వేసినప్పుడు తిరిగొస్తాయి. అయితే ఆదాయపు పన్ను పోర్టల్‌లోని మీ టీడీఎస్ వివరాల్లో రాబడి లక్షకు బదులు 1,18,000గా కనిపిస్తుంది. ఏడాది చివర మీరు చూపిన ఆదాయానికీ దానికీ పొంతన కుదరక వివరణ రాసుకుంటూ కూర్చోవాలి.

ఇంకొందరికి 90,000 మాత్రమే పడుతుంది. టీడీఎస్ పట్టాక జీఎస్టీ భాగాన్ని కంపెనీ ఆపేసిందన్నమాట. మీరు జీఎస్టీఆర్-1లో ఆ బిల్లు ఎక్కిస్తేనే అది వాళ్ల జీఎస్టీఆర్-2బీలో కనిపిస్తుంది, అప్పుడే వాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది. అది కనిపించేదాకా ఆ 18,000 ఇవ్వకపోవడం చాలా కంపెనీల్లో అలవాటు. కాబట్టి కంపెనీని తిట్టుకునే ముందు మీ రిటర్ను వెళ్లిందో లేదో, అందులో వాళ్ల జీఎస్టీ నంబరు సరిగ్గా కొట్టారో లేదో చూసుకోండి.

అసలు పిల్లల్ని ముంచేది డబ్బు వచ్చే తేదీ. సేవల మీద జీఎస్టీ బాధ్యత సాధారణంగా బిల్లు వేసిన రోజునే పుడుతుంది, డబ్బు అందిన రోజున కాదు. జూన్ నెలాఖరున బిల్లు వేస్తే, నెలనెలా రిటర్ను వేసేవాళ్లు జులై 20 లోపు ఆ 18,000 కట్టేయాలి. కంపెనీ మాత్రం తన పద్ధతి ప్రకారం ఆగస్టు చివర్లో ఇస్తుంది. అప్పటిదాకా ఆ పన్ను అబ్బాయి జేబులోంచి, నిజం చెప్పాలంటే నాన్న జేబులోంచి పోతుంది. కట్టకుండా ఆగస్టు 31 దాకా ఆగితే ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ దాదాపు 370 రూపాయలు. రిటర్ను కూడా ఆగిపోతుంది కాబట్టి రోజుకు 50 చొప్పున లేటు ఫీజు పడుతుంది, చిన్న టర్నోవర్ వాళ్లకు అది 2,000 దగ్గర ఆగుతుంది. ఒక్క నెలకు ఇదేమంత పెద్ద మొత్తం కాదు. కానీ రెండు మూడు బిల్లులు వరసగా ఇరుక్కుంటే, అప్పటికే వచ్చిన జీఎస్టీ డబ్బుతో బండి ఈఎంఐ కట్టేసుకుని ఉంటే, ఊపిరాడదు. డబ్బు పడిన రోజే జీఎస్టీ భాగాన్ని వేరే ఖాతాలోకి మార్చుకోమని నేను చెప్పేది అందుకే. ఉద్యం నమోదు ఉన్న సూక్ష్మ సంస్థకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని చట్టం ఉంది. అలా చెల్లించని ఖర్చును కొనుగోలుదారు ఆ ఏడాది ఆదాయ లెక్కలో తగ్గించుకోలేడు. ఉద్యం నంబరును బిల్లు మీదే అచ్చు వేయించుకుంటే అకౌంట్స్ వాళ్ల కంట పడుతుంది.

ఇంతకంటే పెద్ద నష్టం ఒప్పందంలోని ఒక్క మాటతో జరుగుతుంది. "నెలకు లక్ష, అన్ని పన్నులతో కలిపి" అని ఉంటే ఆ లక్షలోనే జీఎస్టీ దాగి ఉంటుంది. అప్పుడు అసలు ఫీజు 84,746, జీఎస్టీ 15,254. టీడీఎస్ పోయి బ్యాంకులో పడేది 91,525. జీఎస్టీ కట్టాక మిగిలేది 76,271. పని అదే, గంటలు అవే, నెలకు దాదాపు 13,700 తేడా. "పన్నులు అదనం" అనే రెండు మాటలు రాయించుకోవడానికి మొహమాటపడే పిల్లాడు కన్సల్టెంట్ పనికి ఇంకా తయారు కాలేదని నా అభిప్రాయం.

ఇప్పుడు నాకు నిజంగా ఒళ్లు మండే విషయం చెబుతాను. నెలకు లక్ష అంటే ఏడాదికి 12 లక్షలు. మన రాష్ట్రంలో సేవలు అందించేవారికి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితేనే జీఎస్టీ నమోదు తప్పనిసరి. అంటే పైన చెప్పిన కుప్పం అబ్బాయికి అసలు నమోదే అక్కర్లేదు. మరి ఎందుకు చేయించారు? "కంపెనీ కర్ణాటకలో ఉంది, రాష్ట్రం దాటితే జీఎస్టీ ఉండాల్సిందే" అని ఎవరో ఏజెంటు భయపెట్టాడు. వస్తువులు అమ్మేవాళ్ల నిబంధనను తెచ్చి సేవలకు అంటగట్టారు. 20 లక్షల లోపు ఉన్నవారు పక్క రాష్ట్రానికి సేవలు అందించినా నమోదు అక్కర్లేదని 2017 అక్టోబరులోనే నోటిఫికేషన్ వచ్చింది. నమోదుకు ప్రభుత్వం ఒక్క రూపాయి ఫీజు తీసుకోదు. ఏజెంటు మాత్రం నమోదుకు ఒకసారి, రిటర్నుకు నెలనెలా వసూలు చేస్తాడు. బిల్లు లేని నెలలోనూ రిటర్ను వేయాల్సిందే కాబట్టి అతనికి అది స్థిరాదాయం. కొన్ని కోచింగ్ సెంటర్లు దీన్నే కోర్సుగా మార్చి, జీఎస్టీ నంబరు ఉంటే కంపెనీలు ఎగబడతాయని అమ్ముతున్నాయి. డిగ్రీ రెండో ఏడాది పిల్లల చేత కూడా ఫీజు కట్టిస్తున్నారు.

స్వచ్ఛందంగా నమోదు చేసుకుంటే మొదటి రూపాయి నుంచే 18 శాతం వేయాలి. బెంగళూరు కంపెనీకి ఇబ్బంది లేదు, క్రెడిట్‌గా తీసుకుంటుంది. అదే అబ్బాయి పుంగనూరులో ఒకాయన ఇంటికి 20,000కు ప్లాన్ గీసిస్తే బిల్లు 23,600 అవుతుంది. ఆ ఇంటాయనకు క్రెడిట్ ఏమీ రాదు, జీఎస్టీ లేని పక్కవాడి దగ్గరికి వెళ్తాడు. కాబట్టి కంపెనీ గట్టిగా అడిగితే, మీ పనంతా కంపెనీలకే అయితే నమోదు చేసుకోండి. లేకపోతే 20 లక్షలు దగ్గర పడేదాకా ఆగండి. నమోదు లేనివాడు బిల్లులో జీఎస్టీ వేయకూడదు. వాడి బిల్లు లక్ష, టీడీఎస్ పది వేలు, చేతికి 90,000. చూశారుగా, నమోదు ఉన్నవాడి చేతిలో మిగిలిందీ అంతే! లక్షా పద్దెనిమిది వేలని పెళ్లి చూపుల్లో చెప్పుకోవడం తప్ప ఆ నంబరు అతని ఫీజుకు కలిపిందేమీ లేదు. వ్యాపారం కోసం కొన్న లాప్‌టాప్ మీద కట్టిన జీఎస్టీని తగ్గించుకోవడం లాంటి చిన్న లాభాలు ఉన్నాయి, అంతే.

ఇక ఆ పదివేల సంగతి. "పది శాతం పన్ను కట్టేశాం కదా, ఇంక రిటర్ను ఎందుకు" అనేవాళ్లు తిరిగి రావాల్సిన డబ్బు వదులుకుంటున్నారు. టీడీఎస్ అంటే అడ్వాన్సు మాత్రమే. 2025-26 ఆదాయానికి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉంది కాబట్టి, వేరే ఆదాయం లేని మన అబ్బాయికి పన్ను సున్నా. ఏడాదిలో పట్టుకున్న 1,20,000 మొత్తం వెనక్కి వస్తుంది, కానీ రిటర్ను వేస్తేనే. ఫీజు పెరిగి ఆదాయం ఆ పరిమితిని బాగా దాటిపోతే మాత్రం పది శాతం సరిపోకపోవచ్చు, అప్పుడు పైనుంచి కట్టాలి, దానికి ముందస్తు పన్ను గడువులూ ఉంటాయి. కంపెనీకి పాన్ ఇవ్వకపోతే పట్టుకునేది 20 శాతం. తప్పు పాన్ ఇస్తే ఆ జమ మీ లెక్కలోకి రాదు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి 194జే లాంటి సెక్షన్ల నంబర్లు మారాయి, ఈ లెక్క మాత్రం మారలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. కన్సల్టెంట్‌కు పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, జ్వరమొచ్చి పడుకున్న రోజుకు డబ్బు ఉండకపోవచ్చు. ఆరోగ్య బీమా సొంతంగా కొనుక్కోవాలి. చదువు ముగియగానే ఈ దారిలోకి తోయడం నాకు నచ్చదు. తక్కువ జీతమైనా పీఎఫ్ ఉన్న ఉద్యోగంలో రెండు మూడేళ్లు ఉండి, పని వచ్చాక, ఒకరిద్దరు కంపెనీల వాళ్లు తెలిశాక బయటికి రానివ్వండి. బీకాం పిల్లలకైతే సర్టిఫికెట్ కోర్సులకు పోసే డబ్బు మిగుల్చుకుని మదనపల్లెలోనే ఒక ఆడిటర్ ఆఫీసులో ఏడాది కూర్చోమంటాను. పైన చెప్పిన ప్రతి పొరపాటునూ అక్కడ నిజమైన ఫైళ్లలో చూస్తారు.

ఇప్పటికే ఒప్పందం మీద సంతకం చేసినవాళ్లు మూడు నెలలకోసారి కంపెనీ నుంచి టీడీఎస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు పట్టుకున్న టీడీఎస్ వివరాలను కంపెనీ జులై 31లోగా ఇవ్వాలి కాబట్టి ఆగస్టు మూడో వారానికల్లా అది ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ కింద కనిపించాలి. కనిపించకపోతే డబ్బు పట్టుకుని ప్రభుత్వానికి కట్టలేదనో, పాన్ తప్పు వేశారనో అర్థం. కంపెనీకి మెయిల్ అప్పుడే పెట్టండి, మార్చి దాకా ఆగితే అక్కడ మీ ఫైలు చూసిన మనిషి కంపెనీ మారిపోయి ఉంటాడు.