బస్తా ఎత్తే ముందు అడగాల్సిన ప్రశ్న

గోదాములో కొత్తగా చేరినవాడికి మొదటి రోజు మనం ఏం నేర్పిస్తాం? "మోకాళ్లు వంచు, నడుము వంచకు" అని చెప్పి, గోడ మీది బొమ్మ చూపించి పనిలోకి పంపిస్తాం. ఇలాంటి శిక్షణ మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ 2011లో కాక్రేన్ సమీక్ష కలిపి చూసింది. ఎత్తే పద్ధతి గురించి సలహాలు, శిక్షణ ఇచ్చినంత మాత్రాన నడుము నొప్పి తగ్గినట్టు అందులో తేలలేదు. అందుకే మీరు పాఠం తయారుచేసేటప్పుడు "ఎలా ఎత్తాలి" అన్నదాన్ని రెండో ప్రశ్నగా పెట్టండి. "ఇది నేనొక్కడినే ఎత్తాలా?" అన్నదే మొదటి ప్రశ్న.

ముందు లెక్క తెలియాలి

బెళుగుప్పలో ఒక విత్తన గోదాము అనుకుందాం. ఖరీఫ్ ముందు, మే, జూన్ నెలల్లో 30 కిలోల శనక్కాయ విత్తనాల బస్తాలు లారీల్లో వచ్చి దిగుతాయి. అమెరికాలోని నియోష్ సంస్థ 1991లో ఇచ్చిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఒక మనిషి ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. అంటే బరువు ఒంటికి ఆనుకుని ఉండాలి, తొడల ఎత్తులో ఉండాలి, పట్టు బాగుండాలి, నడుము తిరగకూడదు. నేల మీది నుంచి ఎత్తితే అది సుమారు 18కి తగ్గుతుంది. అదే బరువు చీలమండలకు అర మీటరు ముందుకు ఉంటే 9కి పడిపోతుంది. నిమిషానికి రెండు మూడు బస్తాల చొప్పున గంటల తరబడి ఎత్తితే ఇంకా తగ్గుతుంది.

30 కిలోల బస్తా ఏ లెక్కన చూసినా ఒక్కడి పని కాదు. మొదటి ఇరవై నిమిషాలు దీనికే ఇవ్వండి. కాటా మీద బస్తా పెట్టి తూకం చూపించండి. తర్వాత అయిదు కిలోల సంచిని ఒకసారి పొట్టకు ఆనించి, ఇంకోసారి చేతులు చాపి పట్టుకోమనండి. దూరం ఎంత బరువో వాళ్ల భుజాలే చెబుతాయి.

మూడు సన్నివేశాలు

ఒకటి: లారీలో బస్తా లోపలివైపు ఉంది. కింద నిలబడినవాడు చేతులు చాపి లాగబోతాడు. అక్కడే ఆపండి. పైనున్నవాడు బస్తాను అంచు దాకా జరపాలి, కింద ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఒంటికి ఆనించుకున్నాకే పైవాడు వదలాలి. ఇద్దరి నుంచీ "పట్టుకున్నా" అన్న మాట వినపడే దాకా వదలకూడదు.

రెండు: నేల మీది బస్తా. ముందు ఒక మూల కాస్త వంచి చూడాలి. తడిసిందా, గింజ ఒకవైపే పోగుపడిందా అన్నది అప్పుడే తెలుస్తుంది. తర్వాత ఇద్దరూ చెరోవైపు దగ్గరగా నిలబడి, ఒకడే లెక్కపెడితే ఇద్దరూ ఒకేసారి లేపాలి. తలా 15 కిలోలు పడుతుంది. దగ్గరగా పట్టుకుంటేనే అది హద్దులో ఉంటుంది. అందుకే మొదటి వరుసను నేల మీద కాక, ఒకదానిపై ఒకటి వేసిన చెక్క క్రేట్ల మీద పేర్చమని మేనేజరుకు చెప్పండి. వంగే పనే తగ్గిపోతుంది.

మూడు: మధ్యాహ్నం, ఎండ మండిపోతోంది, బయట రైతులు బారు తీరారు. "తొందరగా ఇయ్యప్పా" అంటున్నారు. జోడీవాడు టీకి పోయాడు. కాటాకూ గుమ్మానికీ మధ్య పాదాలు కదపకుండా నడుము తిప్పి ఒక్కడే బస్తాలు అందించాలనిపిస్తుంది. ఇక్కడ కొత్తవాడు గట్టిగా సాధన చేయాల్సింది ఒక్క మాట: "అన్నా, ఒక్క నిమిషం, నా జోడీ రానీ." దాన్ని నాలుగుసార్లు బిగ్గరగా పలికించండి. పెద్దవాళ్ల ముందు, తొందరలో ఉన్నవాళ్ల ముందు ఆ మాట నోటికి రావడం బస్తా ఎత్తడం కంటే కష్టం.

పరీక్ష ఎలా?

కాగితం మీద టిక్కులు పెట్టించొద్దు. బస్తా ముందు నిలబెట్టి నాలుగు ప్రశ్నలు అడగండి.

1. జోడీ లేడు, బస్తా నేల మీద ఉంది. ఏం చేస్తావు? (ఆగుతాను, మనిషిని పిలుస్తాను.)
2. నడుముకు బెల్టు కట్టుకుంటే ఇంకో పది కిలోలు ఎత్తొచ్చా? (ఎత్తకూడదు. బెల్టుతో మోసే హద్దు పెరగదు.)
3. బస్తాతో పక్కకు తిరగాలంటే ముందు ఏది కదలాలి? (పాదాలు.)
4. నొప్పి నడుము నుంచి కాలిలోకి పాకి, తిమ్మిరెక్కుతోంది. ఎప్పుడు చెబుతావు? (ఇప్పుడే. పని ఆపి డాక్టరు దగ్గరికి వెళ్తాను.)

అన్నీ సరిగ్గా చెప్పినా పాసైనట్టు కాదు. రెండు వారాల తర్వాత, లారీ దిగుతున్న సమయంలో చెప్పాపెట్టకుండా వెళ్లి చూడండి. అందరూ ఒంటరిగానే ఎత్తుతుంటే తప్పు వాళ్లది కాదు. జోడీలకు సరిపడా మనుషుల్ని పెట్టలేదు, క్రేట్లు వేయలేదు, ఆగినవాడిని ఎవరో కసిరారు. ముందు వాటిని సరిచేయండి, ఆ తర్వాతే పాఠం మళ్లీ చెప్పండి.